మంచిర్యాల కెప్టెన్ కోమల మళ్లీ ఆడించిన ఆట

మంచిర్యాల రైల్వే స్టేషన్ దగ్గర హనుమంతుకు ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉంది. పగలంతా జనం పరీక్ష ఫీజులు కట్టుకోవడానికి, పాస్‌పోర్టు దరఖాస్తులు పెట్టుకోవడానికి వస్తారు. సాయంత్రమయ్యేసరికి ఆ కుర్చీల్లోనే కుర్రాళ్లు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తుపాకుల ఆటకు కూర్చుంటారు. చాలా ఏళ్లుగా ఆ సెంటర్‌ను నడుపుతున్నది కోమల.

ఆమె తండ్రి అంబదాస్ సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. కోమల డిప్లొమా చదివి, మంచిర్యాలలో మేనత్త ఇంట్లో ఉంటూ ఈ పనిలో చేరింది. ఆటలంటే మొదట్లో ఆమెకు ఆసక్తి లేదు. కుర్రాళ్ల గొడవలు తీర్చడానికే వాటి గురించి తెలుసుకోవలసి వచ్చింది. మూలనున్న కంప్యూటర్ కొత్తది, మిగతావి పాతవి. ఆ మూల కుర్చీ దొరికినవాడే గెలిచేవాడు. దాని కోసం మధ్యాహ్నమే వచ్చి కూర్చునేవాళ్లు, తోసుకునేవాళ్లు. ఒకరోజు ఒకడి పెదవి పగిలింది. మరుసటి రోజు కోమల సెంటర్ మూసి, అన్నిటికంటే పాత కంప్యూటర్ ఎంతవరకు తడబడకుండా నడుస్తుందో చూసి, మిగతావాటన్నిటి సెట్టింగులూ దానికి సరిపోయేలా తగ్గించింది. మూల కుర్చీ రాజులిద్దరు ఆ వారంలోనే ఓడిపోయారు. ఎప్పుడూ గోడవారనున్న పాత పెట్టె దగ్గరే కూర్చునే రాకేశ్ గెలిచాడు.

గొడవలు ఆగాక, అలా కలిసి ఆడేవాళ్లతో తయారైందే వాళ్ల క్లబ్. తర్వాత్తర్వాత కోమల కూడా ఆడటం నేర్చుకుంది. గురి రాకేశ్‌ది, ఆలోచన ఆమెది. కెప్టెన్ ఎవరని అడిగితే అందరూ ఆమెనే చూపించేవాళ్లు.

గత చలికాలం ఆ క్లబ్ తరఫున మంచిర్యాలలో ఒక ఫంక్షన్ హాల్ తీసుకుని పెద్ద పోటీ పెట్టారు. పది కంప్యూటర్లను ఒకే చోట వైర్లతో కలిపి, ఐదుగురు ఇటు, ఐదుగురు అటు కూర్చుని ఆడే పోటీ అది. ల్యాన్ అంటారు. కరీంనగర్, చెన్నూరు, ఆదిలాబాద్ నుంచి జట్లు వచ్చాయి. నిర్వాహకులూ వీళ్లే, ఆడే జట్లలో ఒకటీ వీళ్లదే కాబట్టి, తీర్పు చెప్పడానికి చెన్నూరులో కంప్యూటర్లు నేర్పే రాంచందర్ సార్‌ను పిలిచారు.

ముందురోజు కోమల ఒక కంప్యూటర్‌ను పూర్తిగా సిద్ధం చేసి, దాని నకలునే మిగతా తొమ్మిదింటిలో ఎక్కించింది. ఆట వెర్షన్ ఒకటే, గ్రాఫిక్స్ ఒకటే, తెర వెలుగు ఒకటే. తన పెట్టెలో వెలుగు కాస్త పెంచమని రాకేశ్ అడిగాడు. చీకటి మూలల్లో నక్కినవాళ్లు తనకు సరిగ్గా కనబడటం లేదన్నాడు. ఎవరికీ కనబడకూడదనే అక్కడ చీకటి పెట్టారని ఆమె చెప్పింది. అతను ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. అతని మనసు వేరే చోట ఉందని ఆమెకు తెలుసు. షార్జాలో ఒక గోదాములో అతనికి పని దొరికింది. ఆ వారంలోనే ప్రయాణం. అతని తల్లి ఐలవ్వ కొడుకు ఆడే ఆట ఏనాడూ చూడలేదు. వెళ్లేలోగా ఒక్కసారి చూడాలని ఊరి నుంచి బస్సెక్కి వచ్చి, ముందు వరుసలో కూర్చుంది.

ఫైనల్లో మంచిర్యాల, ఆదిలాబాద్ తలపడ్డాయి. మూడింటిలో రెండు ఆటలు గెలిచిన జట్టుకు కప్పు. మొదటి ఆట ఆదిలాబాద్ గెలిచింది. ఆ గెలుపులో సగం నవీన అనే డిగ్రీ చదివే అమ్మాయిదే. తర్వాతి విరామంలో ఆమె తెర ఉన్నట్టుండి నల్లబడిపోయింది. కోమల అప్పుడు రాంచందర్ సార్‌తో మాట్లాడుతోంది. రాకేశే పరుగున వెళ్లి లోపలి గదిలోంచి ఇంకో మానిటర్ తెచ్చి బిగించాడు. బొమ్మ వచ్చింది. రెండో ఆట మొదలైంది.

రెండో ఆటలో నవీన వేరే మనిషిలా ఆడింది. ఎదురుపడిన ప్రతిసారీ ఒక క్షణం వెనకబడింది. మధ్యలో చెయ్యెత్తి తెర ఆగాగి కదులుతున్నట్టుందని చెప్పింది. రాంచందర్ సార్ వచ్చి తెర మూలనున్న అంకె చూశారు. సెకనుకు నూట నలభై నాలుగు బొమ్మలు, అందరికీ ఉన్నట్టే. ఏ లోపమూ లేదన్నారు. ఆమె జట్టువాళ్లు కూడా ఆమెను విసుక్కున్నారు. ఆ తర్వాత నవీన నోరు విప్పలేదు. మంచిర్యాల రెండో ఆట గెలిచింది, మూడోదీ గెలిచింది. హాలంతా లేచి నిలబడింది. ఐలవ్వకు ఏం జరిగిందో తెలియకపోయినా పక్కవాళ్లను చూసి చప్పట్లు కొట్టింది.

బహుమతుల బల్ల సర్దుతుంటే, కోమల అవతలి వరుస కంప్యూటర్లు ఆపడానికి వెళ్లింది. నవీన కూర్చున్న చోట మౌస్ కదిపింది. బాణం గుర్తు తెర మీద జారడం లేదు, చిన్న చిన్న గెంతులు వేస్తోంది. ఆమె కుర్చీలో కూర్చుని తెర వివరాలు తెరిచింది. మిగతా తొమ్మిది మానిటర్లు నూట నలభై నాలుగు హెర్ట్జ్ మీద, అంటే సెకనుకు అన్నిసార్లు బొమ్మ మారుస్తూ నడుస్తున్నాయి. ఇది అరవై మీద ఉంది. మానిటర్ మారగానే కంప్యూటర్ దాన్ని కొత్తదిగా గుర్తించి, దానంతటదే అరవైకి పెట్టుకుంది. మార్చినవాళ్లు మళ్లీ సరిచూడాలి. రాకేశ్ హడావుడిలో చూడలేదు. సార్ చూసిన అంకె కంప్యూటర్ తయారుచేసే బొమ్మలది. తెర వాటిలో ఎన్నింటిని చూపిస్తోందో ఆ అంకె చెప్పదు.

ఆమె చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు. ఆ ఒక్క అంకెను మార్చి కంప్యూటర్ ఆపేస్తే ఎవరికీ తెలియదు. ముందు వరుసలో ఐలవ్వ పక్కన రాకేశ్ కూర్చుని ఉన్నాడు. అవ్వ అతని చెయ్యి వదలడం లేదు.

కోమల లేచి రాంచందర్ సార్ దగ్గరకు వెళ్లి చెప్పింది. ఆయన ఆశ్చర్యపోయారు. ఇద్దరు కెప్టెన్లూ ఫలితం ఒప్పుకున్నారు కదా అన్నారు.

“ఓడినోళ్లు అడుగుతలేరు. గెలిచినదానివి నువ్వడుగుడేందమ్మా?”

“వాళ్లకు తెల్వదు గావట్టి అడుగుతలేరు, సార్. నాకు తెలిసింది.”

ఆయన ఆ మానిటర్‌ను స్వయంగా చూసి వచ్చారు. తర్వాత మైకు ఆమె చేతికిచ్చారు.

ఆమె ముందెన్నడూ మైకు పట్టుకోలేదు.

“జర అందరు కూసోండ్రి. పొద్దుగాల నేనొక మాట చెప్పాల్సుండె, చెప్పలే. ఇప్పుడు చెప్తున్న. గీడ పది కంప్యూటర్లున్నయి. మౌస్ మీది, కీబోర్డు మీది. మౌస్ ఎంత వేగంగ తిరగాలెనో మీ ఇష్టం, అది మీ చెయ్యి అలవాటు. కని తెర ఎంత వెలుగుండాలె, బొమ్మ ఎంత జల్ది మారాలె, అది మీ ఇష్టం గాదు, నా ఇష్టం గూడ గాదు. అందరికి ఒక్కతీరుగ ఉండాలె. ఎందుకంటె, ఒకలకు మనిషి ముందుగాల కనబడి, ఇంకొకలకు ఎనుకసిరి కనబడితే, గెలిచింది మనిషా, పెట్టెనా అని ఎవరు చెప్పలేరు. ఇంకొకటున్నది. అన్ని ఒక్కతీరుగ ఉంటెనే, ఒకటి తేడ కొడితె మనకు దొరుకుతది. పది పది తీర్ల ఉంటె తప్పు యాడున్నదో ఎవలకు ఎర్కయితది?”

ఆమె నవీన కూర్చున్న కంప్యూటర్ వైపు చెయ్యి చూపింది.

“ఇయ్యాల ఒకటి తేడ ఉండె. నవీన చెల్లె తెర అరవై మీద నడిచింది. మా అందరిది నూట నలభై నాలుగు. ఆమె చెయ్యెత్తి చెప్పింది, మేం ఇనలే. మొదటి ఆట మంచిగనే జరిగింది, అది ఆదిలాబాద్‌దే. తర్వాతియి రెండు లెక్కల రావు. రెండో ఆట కాడికెల్లి మళ్ల ఆడుదాం.”

వెనక నుంచి ఎవరో, కావాలనే అట్లా పెట్టారేమో అన్నారు. ఆ మాట రాకేశ్‌కు తగిలింది. అతను లేచి కోమల దగ్గరకు వచ్చాడు.

“నేను మర్చిపోయిన అక్కా. కావాల్నని చెయ్యలే.”

“నాకెర్కే.”

“ఇగ నాకు ఇంకో పోటీ లేదు. గది గూడ ఎర్కేనా నీకు?”

ఆమె తల ఊపింది. అతను అవతలి వరుసకు నడిచాడు. ఆ మానిటర్‌ను తానే నూట నలభై నాలుగుకు మార్చి, మౌస్ కదిపి చూశాడు. మిగతా తొమ్మిదీ ఒక్కొక్కటిగా తెరిచి చూసుకుంటూ వచ్చాడు. రాంచందర్ సార్ అతని వెనకే నడిచారు. అంతా అయ్యాక కుర్చీ వెనక్కి జరిపి, కూర్చోమన్నట్టు నవీన వైపు చూశాడు.

రెండో ఆట హోరాహోరీగా సాగింది. రాకేశ్ ఎప్పుడూ ఆడనంత బాగా ఆడాడు. నవీన కూడా అంతే. చివరి రౌండ్‌లో వాళ్లిద్దరే మిగిలి ఎదురుపడ్డారు. నవీన కాల్పు ముందు తగిలింది. ఆ రెండో గెలుపుతో కప్పు ఆదిలాబాద్‌కు వెళ్లిపోయింది.

మంచిర్యాల జట్టులో ఇద్దరు ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వెళ్లారు. వాళ్లు మళ్లీ క్లబ్‌కు రాలేదు. నవీన కప్పు తీసుకుని వచ్చి కోమల ముందు నిలబడింది. కప్పును బల్ల మీద పెట్టి రెండు చేతులూ జోడించింది. కోమల ఆమె భుజం తట్టి పంపించింది.

హాలు ఖాళీ అవుతుండగా కోమల ఐలవ్వ పక్కన కూర్చుంది. ఆమె కొడుకు చేతికి రావలసిన కప్పు తన వల్లనే పోయిందని చెప్పింది. ముసలామె కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఓడిపోయినంక వాడు ఆ పిల్లకు చెయ్యి కలిపిండు, చూసినవా బిడ్డా? గా దేశంల వాడు గెలిచేది, ఓడేది నేనేం చూస్త? గిదొక్కటన్న చూసిన.”

కోమలకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా ఆపుకున్నదంతా అక్కడే, ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే బయటికి వచ్చింది. ఐలవ్వ ఆమెను ఊరుకోమనలేదు. వీపు నిమురుతూ కూర్చుంది.

రాకేశ్ వీడ్కోలు చెప్పడానికి సెంటర్‌కు రాలేదు. ప్రయాణం రోజున కోమలే స్టేషన్‌కు వెళ్లింది. ప్లాట్‌ఫారం మీద సంచుల మధ్య బంధువులతో నిలబడి ఉన్న అతను ఆమెను చూసి పక్కకు వచ్చాడు.

“నువ్వు చెప్పకుంటె నాకు ఎన్నటికీ తెల్వకపోవు,” అన్నాడు.

“తెల్వకపోవు.”

“నాకు ఇంకా కోపమున్నది అక్కా. పోతదో పోదో తెల్వది.”

“ఉండనియ్యి,” అంది కోమల. “ఫోన్ మాత్రం చెయ్యి.”

బండి వచ్చింది. అతను అవ్వ కాళ్లకు మొక్కి, సంచులు ఎక్కించుకుని, కిటికీ దగ్గర సీటు చూసుకున్నాడు. బండి కదిలాక కోమల ఐలవ్వను బస్టాండ్ దాకా తీసుకెళ్లి ఆమె ఊరికి పోయే ధర్మపురి బస్సు ఎక్కించింది. తర్వాత వెళ్లి సెంటర్ తెరిచింది. పరీక్ష ఫీజుకు అది ఆఖరి రోజు. గుమ్మం ముందు అప్పటికే జనం వరుసలో నిలబడి ఉన్నారు.