కారణం అడగని సెలవు

అమలాపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజులవి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు, పిల్లల కోసం కాకినాడలో వైద్యం మొదలుపెట్టాం. రెండు వారాల్లో నాలుగైదుసార్లు పొద్దున్నే స్కానింగుకు వెళ్ళాలి. ఏ రోజో ఒక్కోసారి ముందురోజు గాని తెలియదు.

మా హెడ్మిస్ట్రెస్ గారిదీ మా చర్చి సంఘమే. నా భయమల్లా అదే. శుక్రవారం స్త్రీల కూడికలో ఒకరి కష్టాన్ని ఇంకొకరు లేచి, ప్రేమతోనే, ప్రార్థన మనవిగా చెప్పేస్తారు. ఆదివారానికి అందరికీ తెలిసిపోతుంది.

డాక్టరు గారి చీటీ ఇచ్చాను. వైద్యం జరుగుతోందని, విడతలుగా సెలవు కావాలని మాత్రమే అందులో ఉంది.

"ఇంతకుమించి చెప్పలేనండి," అన్నాను.

"నేనడిగేనా?" అని ఆవిడ నవ్వారు. "మీ పొద్దుటి పీరియడ్లు మధ్యాహ్నానికి మారుస్తాను. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి 'రేపు' అనండి, చాలు. రోజంతా పట్టేలా ఉంటే పూర్తి సెలవు పెట్టేయండి."

స్టాఫ్‌రూములో తెలుగు టీచరు ఊరుకోలేదు. "ఆవిడకొక్కరికే మధ్యాహ్నం బడేంటండీ?"

"టైంటేబుల్ నాదండి. మీకో పీరియడు ఎక్కువెయ్యమంటారా?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

శుక్రవారం కూడికలో మనవులు అడిగినప్పుడు ఆవిడ లేచారు. నా సంగతే చెప్తారనుకున్నాను. పదో తరగతి పరీక్షల కోసం ప్రార్థించమని చెప్పి కూర్చున్నారు.

ఆ సాయంత్రం ఫోన్ చేసి "రేపండి" అన్నాను.

"ఆయ్, వెళ్ళిరండి. రోజూ మోకాళ్ళూనినప్పుడు మిమ్మల్ని తలుచుకుంటున్నాను. దేనికో దేవుడికి తెలుసు కదండీ," అన్నారు.

బైబిలు వాక్యం చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చినదాన్ని. రహస్యమందు ప్రార్థించడమంటే ఏమిటో మాత్రం ఆవిడ దగ్గరే చూశాను.