నాలుకకు సెలవు

మా అత్తయ్య ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేస్తుంది. అక్కడ ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరూ గరిటెమ్మ అంటారు. ఎంత పెద్ద గిన్నె దించినా ఆమె పద్ధతి ఒకటే. గరిట అంచున ఇంత తీసి, ఊది, ఎడమ అరచేతిలో ఒక చుక్క వేసుకుని, నాలుకకు తగిలించి కళ్ళు మూసుకుంటుంది. ఆ కళ్ళు తెరుచుకునేదాకా కూరగాయలు తరిగేవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. "ఊఁ, కానివ్వండి" అన్నాకే వడ్డన.

ఇంట్లోనూ అంతే. మా అమ్మాయి చిట్టికి ఐదేళ్ళు. పుట్టుకతోనే దాని కిడ్నీలు రెండూ చిన్నవి. ఈ ఏడాది అవి ఇక లాగలేవని, కొత్తది పెట్టాల్సిందేనని డాక్టరు చెప్పారు. నా రక్తం గ్రూపు దానికి సరిపడలేదు. మా ఆయనకు సరిపడింది కానీ ఆయన కిడ్నీల్లోనే రాళ్ళున్నాయి. మేమిద్దరం మొహమొహాలు చూసుకుంటుంటే, అత్తయ్య చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నా గ్రూపేంటో కూడా చూడమనండి. ఒకటి ఇస్తే ఇంకోటి ఉంటుందిగా" అంది. ఉల్లిపాయలు రెండున్నాయి, ఒకటి పట్టుకెళ్ళు అన్నంత తేలిగ్గా.

ఆమె గ్రూపు సరిపోయింది. ఆ తర్వాత చేసిన పరీక్షలన్నీ సజావుగానే సాగి, షుగర్ దగ్గర ఆగాయి. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష బాగుంది. పరగడుపున తీసిన రక్తంలో మాత్రం షుగర్ ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపించింది. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. రెండు కొలతలు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఎక్కడో పొరపాటు ఉండాలని పిల్లలకు పాఠం చెప్పేదాన్నే. అయినా ఆ కాగితం చూడగానే ఆ పాఠం గుర్తుకే రాలేదు. షుగర్ వచ్చే సూచన ఉన్న మనిషి దగ్గర కిడ్నీ తీసుకోరు. అది ఆ మనిషి మంచికే. కానీ మాకు ఇంకొకరు లేరు.

దాతల పనులు చూసే సిస్టరు మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టింది. చిట్టి నా ఒళ్ళో ఉంది.

"ఆరోజు పొద్దున ఏమైనా తిన్నారా అమ్మా?"

"ఒట్టు. మెతుకు ముట్టలేదు."

"టీ, పాలు?"

"అబ్బే."

సిస్టరు పెన్ను కింద పెట్టింది. "సరే, లేచిన దగ్గర్నించి ఇక్కడికొచ్చేదాకా ఏం చేశారో వరసగా చెప్పండి."

"ఏముంది, లేచాను. పళ్ళు తోముకున్నాను. దీనికి జావ కాచాను. తినిపించాను. బస్సెక్కాను."

"తినిపించారా? ఎలా?"

"చెంచాతో. నాదో చెంచా, దానిదో చెంచా. నేను ముందు నోట్లో పెట్టుకోకపోతే ఇది నోరు తెరవదు."

"మరి తినలేదన్నారు!"

"అది తినడం ఎలా అవుతుంది తల్లీ? అది తినిపించడం!"

చిట్టికి బలం చాలదని జావలో చక్కెర ఎక్కువే వేస్తాం. గిన్నెలో సగం అత్తయ్య కడుపులోకే వెళ్ళి ఉంటుంది. రోజూ నా కళ్ళ ముందే జరిగేది. నేనూ దాన్ని తినడం అనుకోలేదు.

సిస్టరు నవ్వలేదు. "మేం పంపిన మెసేజ్‌లో 'ఏమీ తినకూడదు' అని ఉంది. ఆవిడ లెక్కలో ఆవిడ తినలేదు. వచ్చే వారం మళ్ళీ తీద్దాం. పరగడుపున ఒకసారి, గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలయ్యాక ఇంకోసారి. ఈసారి జాగ్రత్తలు ఈవిడకు అర్థమయ్యేలా మీరే రాయండి. నేను చూసి సరిచేస్తాను" అంది నాతో.

"మళ్ళీ ఎక్కువే వస్తేనో?" అని అత్తయ్య అడిగింది.

"అప్పుడు మీ దగ్గర తీసుకోరమ్మా."

బస్సులో అత్తయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒక్కసారి చిట్టి పాదం అరచేతిలో పట్టుకుని, బరువు చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉంచింది.

మర్నాడు భోజనాల దగ్గర ఆమె కంచం చూశాను. పిడికెడు అన్నం. అడిగితే "ఆకలి లేదు" అంది. రాత్రీ అదే మాట.

"అత్తయ్యా, నిజం చెప్పండి."

"ఇప్పట్నించే తగ్గిస్తే ఆ రోజుకి షుగర్ దిగుతుంది కదమ్మా. పరీక్షకు చదువుకోవద్దా?"

"ఈ పరీక్షకు చదువుకుంటే తప్పుతారు! నాలుగు రోజులు అన్నం తగ్గిస్తే ఒంటికి చక్కెరను సర్దుకునే అలవాటు తప్పుతుంది. ఉన్నట్టుండి గ్లూకోజు పోస్తే తడబడి, లేని షుగర్ ఉన్నట్టు చూపిస్తుంది."

"అంటే పొయ్యి ఆర్పేసి, చుట్టాలొచ్చాక వెలిగించినట్టు."

"అంతే."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, కడుపు మాడ్చుకున్నాను" అని కంచంలో ఇంకో రెండు గరిటెలు వేసుకుంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక కాగితం పట్టుకుని కూర్చున్నాను. 'నోట్లో ఏమీ పెట్టుకోవద్దు' అని రాసి అత్తయ్యకు చదివి వినిపించాను.

"పళ్ళు తోముకోవద్దా? ఆ సిస్టరు పారిపోతుంది."

'తోముకోవచ్చు. పుక్కిలించి ఉమ్మేయాలి' అని చేర్చాను.

"నీళ్ళు?"

"మామూలు మంచినీళ్ళు తాగాలి. తాగితేనే నరం బాగా దొరుకుతుంది."

"నిమ్మకాయ పిండుకుంటే?"

"వద్దు."

"బుగ్గన లవంగం?"

"అదీ వద్దు."

"జైలే నయం. అక్కడ వేళకు కూడు పెడతారు."

ఆమె అడిగిన ప్రతి ప్రశ్నా ఒక కంత. నేను ఒక్కొక్కటీ పూడుస్తూ పోయాను. పొద్దున వేసుకునే థైరాయిడ్ మాత్ర సంగతి నా అంతట నేను తేల్చకుండా డాక్టర్ని అడిగాను. రక్తం తీయడం అయ్యాక వేసుకోమన్నారు. చివరికి సిస్టరు ఒప్పుకున్న కాగితం ఇదీ:

'పరీక్ష రోజు వరకు మూడు పూటలా ఎప్పటిలాగే తినాలి. ముందు రోజు రాత్రి భోజనం పది గంటల లోపు ముగించాలి. ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఏదీ నాలుకకు తగలకూడదు. రుచి చూడటం కూడా తినడమే. తినిపించేటప్పుడు తినడం కూడా తినడమే. మాత్ర రక్తం తీశాకే. పొరపాటున ఏదైనా నోట్లోకి వెళ్తే దాచకుండా సిస్టరుకు చెప్పాలి. పరీక్ష ఇంకో రోజు పెడతారు. ఎవరూ కోప్పడరు.'

చివరి మాట సిస్టరు చేర్చింది. దాన్ని వంటింట్లో ఉప్పు డబ్బా పైన, అత్తయ్య చెయ్యి రోజూ మొదట వెళ్ళే చోట అంటించాను.

పరీక్ష రోజు తెల్లవారుతుండగా నేను లేచేసరికి ఆమె పొయ్యి దగ్గరే ఉంది. తాను లేకపోతే చిట్టి ముద్ద ముట్టదని ఆమెకు తెలుసు. జావ ఉడుకుతోంది. గరిట పైకి లేచింది, ఎడమ అరచెయ్యి దానంతటదే తెరుచుకుంది, ఒక చుక్క పడింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ చెయ్యి గడ్డం దాకా వెళ్ళి ఆగింది. అత్తయ్య ఆ చుక్కను చూసింది, కాగితం చూసింది, కుళాయి తిప్పి చెయ్యి కడుక్కుంది. జీవితమంతా ఒకే దారిన నడిచిన చెయ్యి అది. దాన్ని జానెడు దూరంలో ఆపడానికి ఎంత బలం కావాలో ఏ పరికరంతో కొలుస్తాం?

అసలు చిక్కు తర్వాత వచ్చింది. చిట్టి పీటమీద కూర్చుని, పెదవులు బిగించి, "నాన్నమ్మా, ముందు నువ్వు" అంది.

"ఇవాళ నా నాలుకకు సెలవమ్మా."

"ఎందుకు?"

"పని చేసి చేసి అలిసిపోయింది. ఇవాళ ఒక్కరోజుకి నువ్వు నా నాలుకవి. రుచి చూసి ఎలా ఉందో చెబితేనే నాకు తెలుస్తుంది."

చిట్టి అనుమానంగా చూసింది. తర్వాత ఎడమ అరచెయ్యి చాపింది. అత్తయ్య గోరువెచ్చని చుక్క ఒకటి వేసింది. చిట్టి నాలుకకు తగిలించి, అచ్చం ఆమెలాగే కళ్ళు మూసుకుంది.

"ఉప్పు లేదు."

"నీ జావలో ఎప్పుడూ ఉండదే దొంగా! చక్కెర?"

"ఉంది. ఊఁ, కానివ్వండి."

అత్తయ్య పక్కకు తిరిగి నవ్విన నవ్వులో ఏడుపూ కలిసింది. ఆ పొద్దున చిట్టి గిన్నె ఖాళీ చేసింది. రుచి చూసే పనిలో పడి, తింటున్నానన్న సంగతే మర్చిపోయింది.

ఆసుపత్రిలో సిస్టరు వరసగా అడిగింది, అత్తయ్య వరసగా చెప్పింది. అరచేతిలో పడిన చుక్క దగ్గర్నించి అన్నీ. "కడిగేశాను. కావాలంటే వాసన చూసుకోండి" అని చెయ్యి చాపింది. మొదటి రక్తం తీశారు. తర్వాత గ్లాసుడు గ్లూకోజు నీళ్ళిచ్చారు. అయిదు నిమిషాల్లో తాగేయాలి. ఆమె తాగి, మూతి తుడుచుకుని, కళ్ళు మూసుకుని, "చక్కెర ఎక్కువైంది. ఎవరు కలిపారిది?" అంది. రక్తం తీసే అబ్బాయి సూది పక్కన పెట్టి మరీ నవ్వాడు.

ఇక రెండు గంటలు ఏమీ తినకుండా, అటూ ఇటూ తిరగకుండా కూర్చోవాలి. చిట్టి ఆమె ఒళ్ళో పడుకుంది. నేను పక్కన కూర్చుని ఆ గళ్ళచీర కుచ్చిళ్ళ వెనక జరుగుతున్నదాన్ని ఊహించుకుంటున్నాను. రాత్రంతా ఆమె నిద్రపోతుంటే ఆమె కాలేయం మేలుకుని, దాచుకున్న చక్కెరను ఇంత ఇంత చొప్పున వదులుతూ సన్న సెగ మీద జావ కాచినట్టు రక్తాన్ని కాచింది. ఇప్పుడేమో ఒక్కసారిగా వచ్చిపడిన తీపిని కణం కణానికీ వడ్డిస్తోంది ఇన్సులిన్. ఇవన్నీ నేను బోర్డు మీద బాణాలు గీసి చెప్పే సంగతులే. కానీ ఆ బాణాల కొసన నా బిడ్డ తల పెట్టుకుని పడుకుంటుందని ఎప్పుడూ అనుకోలేదు. అరవైకి దగ్గరపడిన ఈ ఒంట్లో, ఎవరి మెప్పూ లేకుండా, ఎంత వంట, ఎంత వడ్డన!

"ఏంటమ్మాయ్, అలా చూస్తున్నావ్? నేనేమన్నా కొత్త చుట్టాన్నా?"

"ఏం లేదత్తయ్యా."

రెండోసారి రక్తం తీశాక మాత్ర వేసుకుంది. సాయంత్రం సిస్టరు ఫోన్ చేసింది. నేను స్పీకర్ పెట్టాను.

"రెండు రీడింగులూ మామూలుగానే ఉన్నాయమ్మా. షుగర్ సంగతి డాక్టరు గారు పక్కన పెట్టేశారు. ఇక స్కానింగు, గుండె పరీక్షలు ఉన్నాయి. అవి కూడా బాగుంటే మిగతాది చూద్దాం. సోమవారం రండి."

"సోమవారం తినొచ్చా?" అని అత్తయ్య ముందుకు వంగి అడిగింది.

"కాగితం పంపిస్తానమ్మా. మీ కోడలు రాసిన పద్ధతిలోనే."

అత్తయ్య లేచి, రాత్రి జావకు గిన్నె పెట్టింది. ఉడికాక గరిట తీసి, ఊది, అలవాటుగా ఎడమ అరచెయ్యి తెరిచింది. పొయ్యి గట్టు కింద నుంచి ఇంకో చిన్న అరచెయ్యి పైకి లేచింది.

అత్తయ్య రెండు చేతుల్లోనూ చెరో చుక్క వేసింది. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. నేను కూడా వాళ్ళ కళ్ళు తెరుచుకునేదాకా ఎక్కడిదాన్నక్కడ ఆగిపోయాను.