గంగాజమున అంచు

గాజువాకలో జ్యోతిర్మయి ఫోన్‌లో చీరలు అమ్ముతుంది. కొనేవాళ్లు అడగకముందే అన్నీ రాస్తుంది: "చేనేత నూలు చీర, ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క విడిగా, గంగాజమున అంచు." ఈ నెలలో రెండు చీరలు తిరిగొచ్చాయి. మూడోదీ వస్తే ఈ పని మానేద్దామనుకుంది.

మధ్యాహ్నం జాలరిపేట నుంచి చిలకమ్మ ఫోన్ చేసింది.

"ఏటమ్మా, ఫొటోలో ఎరుపే కనపడింది. రెండో అంచు పచ్చగుంది. నేసినోడికి దారం అయిపోనాదేటి? తిరిగి పంపేత్తన్నాను."

"గంగాజమున అంటే అదే పిన్నీ. రెండంచులూ రెండు రంగుల్లో కావాలనే నేస్తారు."

"అలాగేటి! నాను జరీ పేరనుకున్నాను. అయితే ఉంచీసుకుంతాను. ఏ అంచు కిందకి రావాల?"

"మీకు నచ్చింది."

జ్యోతిర్మయి వెనక్కి వాలి నవ్వుకుంది. తర్వాత ఫోన్‌లో "గంగాజమున అంచు" పక్కన రాసింది: ఒక అంచు ఎరుపు, ఒకటి పచ్చ.