ఎర్ర సిరాతో కొట్టేసిన గ్రాఫు

కల్లూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్తాను. చెప్తానంటున్నాను గానీ, ప్రాక్టికల్స్ రోజుల్లో నా పనల్లా రికార్డుల్లో సంతకాలు పెట్టడమే.

ఆరోజు డయోడు ప్రయోగం. అందులో ఒకే గ్రాఫు కాగితం మీద మామూలు రెసిస్టరుకు, డయోడుకు గీతలు గీసి పోల్చాలి. వోల్టేజీ పెంచేకొద్దీ రెసిస్టరులో కరెంటు సున్నా నుంచి తిన్నగా పెరుగుతుంది. డయోడు అర వోల్టు దాటేదాకా ఉలకదు పలకదు, ఆపైన గీత నిటారుగా పైకి లేస్తుంది.

క్లాసంతా ఆ వంపు అచ్చుగుద్దినట్టు ఒకటే. సీనియర్ల రికార్డు చేతులు మారిందని తెలిసే సంతకాలు పెడుతూ పోయాను. కోడుమూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయిది మాత్రం వేరుగా ఉంది. ఆమె డయోడు గీత 0.6 వోల్టుల దాకా అడుగునే పాకి, అక్కడినుంచి రెసిస్టరు గీతలాగే ఏటవాలుగా పోయింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. రెసిస్టరునే రెండుసార్లు గీసుకొచ్చావా అని అడిగాను.

"మీటర్లో వచ్చిందే ఏసినా మేడం," అంది.

వినలేదు. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, రేపు సరిగ్గా గీసుకు రమ్మన్నాను.

సాయంత్రం షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నా ఆ గ్రాఫే కళ్లముందు ఆడింది. రెండు గీతల వాలూ ఒకటే. ఒకటే ఎందుకుంటుంది?

పొద్దున క్లాసుకు ముందే ల్యాబులో ఉన్న ఒకే ఒక్క డయోడు బోర్డును విప్పి చూశాను. డయోడు కాలిపోకుండా దానికి వరుసలో వెయ్యి ఓముల రెసిస్టరు ఉంటుంది. వోల్టుమీటరు వైర్లు డయోడు రెండు కొసలకే ఉండాలి. ఎవరో మహానుభావుడు ఆ రెసిస్టరును కూడా కలిపి బిగించాడు. 0.6 తర్వాత పెంచిన వోల్టేజీ దాదాపు అంతా రెసిస్టరు మీదే పడుతోంది. పోల్చడానికి ఆమె గీసిన మామూలు రెసిస్టరు కూడా వెయ్యి ఓములదే. అందుకే అదే వాలు. ఆ బోర్డు మీద రీడింగులు తీసింది ఆ పిల్ల ఒక్కతే. కొట్టేసింది ఆమెదొక్కటే. నామీద నాకే ఒళ్లు మండింది.

వైరు సరిచేసి, ఆమె రాగానే నీదే కరెక్టని చెబుదామని కూర్చున్నాను. వచ్చింది. నేను నోరు తెరిచేలోపే రికార్డు ముందు పెట్టింది. పుస్తకంలో ఉన్నట్టే చక్కటి వంపు, ఒక్క చుక్కా పక్కకు పోలేదు.

"రీడింగులు ఎప్పుడు తీసినావు?"

"తియ్యలేదు మేడం. పక్కామెది చూసి ఏసినా."

నిన్నటి పేజీ ఇమ్మన్నాను.

"చించేసినా మేడం," అంది. సంతకం కోసం పెన్ను మూత తీసి నాకు అందించింది.