ధ కింద గీత

గ్రంథాలయం మేడ మీది స్కానింగు గదిలో ఆమెను అందరూ టైపక్క అంటారు. పాత పత్రికల పేజీలు స్కాన్ చేసి, కంప్యూటరు చేత చదివించి, అది చదివిన దాంట్లో తప్పులు దిద్దడం ఆమె పని. దిద్దీ దిద్దీ విసుగెత్తి, యాభై దాటాక ఆ పనిని కంప్యూటరు చేతే చేయించే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు, రాయడం కూడా నేర్చుకుంది.

భర్త పోయిన పంతొమ్మిదో రోజున పనిలోకి వచ్చింది. ఆయన ఆస్పత్రిలో కాంపౌండరు. ఆ వారం వంతుకొచ్చిన కట్ట ఆ ఆస్పత్రి సిబ్బంది నడిపిన మాసపత్రిక. ప్రతి సంచికలోనూ ఆయన రాసిన పేజీ ఒకటుంది.

"ఇది వేరేవాళ్లకి ఇస్తానమ్మా," అన్నాడు లైబ్రేరియన్.

"ఎందుకండీ? కాగితాలేగా," అంది.

నిజంగానే ఆమెకు ఏమీ అనిపించలేదు. కంప్యూటరు చదివిన దాంతో పోల్చుకోవడానికి పది పేజీలు చేత్తో టైపు చేసి పెట్టుకుంది. మొదటిసారి కంప్యూటరు నూటికి పద్దెనిమిది అక్షరాలు తప్పు చదివింది. పేజీలు వంకరగా ఉన్నాయి, కుట్టు దగ్గర నీడ పడింది. వంకర సరిచేసి, పేజీ బొమ్మను రెండింతలు చేసి, పేజీ మొత్తానికీ ఒకే కొలత పెట్టకుండా ఆ చోటి నీడను బట్టి ఏది అక్షరం నలుపో ఏది కాగితం తెలుపో విడిగా తేల్చేలా స్క్రిప్టు రాసింది. చివర్లో దుమ్ము చుక్కలు చెరిపించింది. తప్పులు నూటికి ఆరుకి దిగాయి.

మిగిలినవాటిలో ఎక్కువ ఒకే రకం. బాధ బాద అయింది, ధైర్యం దైర్యం అయింది. శుభ్రం చేసిన బొమ్మను పెద్దది చేసి చూసింది. ఆ పాత అచ్చులో ధ కింది గీత అక్షరానికి అంటకుండా కాస్త ఎడంగా ఉంది. దాన్ని కూడా దుమ్మనుకుని స్క్రిప్టు చెరిపేస్తోంది. మరీ చిన్న చుక్కల్ని మాత్రమే తీసేలా మార్చింది. నూటికి రెండు.

ఇప్పుడు కొత్తగా వైద్యుడు బదులు 'వైధ్యుడు' అని వచ్చింది, ఆయన పేజీల్లో మాత్రమే. దుమ్ము మిగిలిందేమోనని అసలు స్కాన్ తెరిచింది. గీత అచ్చులోనే ఉంది. ఆయన అలాగే రాసేవాడు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఉంచాలన్నది ఆ గది నియమం. ఉంచేసి తర్వాతి పేజీకి వెళ్లింది.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. "నాన్న పేజీలు వచ్చాయటగా. ఏం రాశాడమ్మా?"

ఆమె నలభై పేజీలు అక్షరం అక్షరం చూసింది. ఒక్క వాక్యం కూడా గుర్తు రాలేదు.

"తెలీదే," అంది. "ఒత్తులూ గీతలే చూశాను."

"నాకు పంపు, నేను చదువుతా," అంది కూతురు.

ఫైలు పంపింది. కూతురు ఫోన్‌లోనే చదవడం మొదలుపెట్టింది: దగ్గు మందు సీసాను పిల్లలకు అందకుండా ఎక్కడ పెట్టాలో. ఆమె స్కానరు ఆపి, కుర్చీలో వెనక్కి వాలి విన్నది. కళ్లు పొడిగానే ఉన్నాయి. కూతురు ఒక పేజీ ముగించి ఆగితే, "ఆపకు," అంది.