ఖాళీల వదిన

ప్రెస్సులో అందరికీ ఆమె ఖాళీల వదిన. ఇరవై రెండేళ్లుగా ఫ్రెంచి పాఠ్యపుస్తకాల పేజీలు కూరుస్తున్నా, ఆ భాషలో మంచినీళ్లు అడగడం కూడా రాదు. కానీ ప్రశ్నార్థకానికి, ఆశ్చర్యార్థకానికి ముందు సన్నని ఖాళీ ఉండాలని, « Bonjour » అని రాస్తే కోణపు గుర్తుల లోపల రెండు పక్కలా ఖాళీ ఉండాలని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆ ఖాళీ మామూలుది కాదు. పంక్తి చివరికి వచ్చినా మాటనీ గుర్తునీ విడిపోనివ్వదు. "మా ఆయన లాంటిది. బజారుకెళ్లినా నా వెనకే" అని నవ్వేది.

ఆ రోజు మూడు గంటలకు పుస్తకం రాసిన టీచరమ్మ ఆఖరి ప్రూఫు చూడాలి. పోయినసారి తప్పులు దొర్లాయి. ఈసారి ఒక్కటి కనబడినా పని వేరే ప్రెస్సుకి ఇచ్చేస్తానని ఆవిడ ముందే చెప్పింది. ఆ పని పోతే వదిన కుర్చీ కూడా పోతుంది.

వదిన భోజనానికి వెళ్లింది. యజమాని బావమరిదీ, అందరూ బావగారని పిలిచే కొత్త మేనేజరూ అయిన పెద్దమనిషి ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నలభై ఎనిమిది పేజీల పుస్తకం రెండు పంక్తులు పొంగి నలభై తొమ్మిదో పేజీలో పడింది. సాయం చేద్దామని ఒక్క దెబ్బతో గుర్తుల ముందు ఖాళీలన్నీ తీసేశాడు. అక్కడితో ఊరుకోలేదు. lundi, mardi అంటూ వారాల పేర్లు చిన్నక్షరాలతో మొదలవడం చూసి, పాపం సోమవారానికి మర్యాద లేదనుకుని అన్నిటికీ పెద్దక్షరాలు తొడిగాడు. ఫ్రెంచి అని అర్థమిచ్చే français కీ అదే సత్కారం. ఫైలు భద్రంగా సేవ్ చేసి మూసేశాడు. దానికి మరో కాపీ లేదు.

తిరిగొచ్చిన వదిన తెర మీద పేజీలు చూసింది. తిట్టడానికి నోరు తెరిచి, గడియారం చూసి మూసుకుంది.

"బావగారూ, వాళ్లకి సోమవారం చిన్నదేనండీ. వాక్యం మొదట్లో ఉంటేనే పెద్దక్షరం."

ఒక్క దెబ్బతో పోయినవి ఒక్క దెబ్బతో తిరిగి రావు. రెండు చుక్కల గుర్తు (:) ముందూ ఫ్రెంచిలో ఖాళీ ఉండాలి; కానీ వెబ్‌సైటు చిరునామాల్లో అలా పెడితే చిరునామాయే చెడుతుంది. ఇక français మాట. భాష అయితే చిన్నక్షరం, మనిషి అయితే పెద్దక్షరం. ఎక్కడ భాషో ఎక్కడ మనిషో వదినకి తెలియదు. సొరుగులోంచి టీచరమ్మ ఇదివరకు ఎర్రపెన్సిల్‌తో దిద్దిన కాగితపు ప్రూఫు తీసింది. చెత్తబుట్టలో పారేయమని బావగారే వారం కిందట చెప్పినది అది. ఇప్పుడాయన దాని మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చెబుతుంటే, ఆమె పెడుతూ పోయింది. పొంగిన రెండు పంక్తుల కోసం ఆఖరి పాఠంలోని పిల్లి బొమ్మను వేలెడు తగ్గించింది.

టీచరమ్మ నలభై ఎనిమిది పేజీలూ తిప్పింది. బావగారు నిలబడే ఉన్నాడు. చివరికి ఆవిడ సంతకం పెట్టి, "పిల్లి చిక్కిపోయినట్టుందే" అంది. అంతే.

మర్నాడు వదిన కీబోర్డు మీద ఒక చీటీ ఉంది: "వదినా, నా మీద కోపమా ?"

ప్రశ్నార్థకం ముందు చక్కటి ఖాళీ. వదిన పకపకా నవ్వి, ఎర్రపెన్సిల్‌తో ఆ ఖాళీని మూసేసి, కింద రాసింది: "తెలుగులో అక్కర్లేదు. కోపమూ లేదు."