ఒకే మాటకు ఆరు వరుసలు

తిరుపతి రైల్వే స్టేషనుకు దగ్గరలో ఒక సందులో మా ఇల్లు. పైన నేనుంటాను. కింద వీధివైపు గది పది అడుగుల వెడల్పు, పధ్నాలుగు అడుగుల లోతు. పోయిన వేసవి మొదట్లో దాన్ని ఇద్దరు భాగస్వాములు బాడుగకు తీసుకుని సూట్‌కేసులు బాగుచేసే అంగడి పెట్టారు.

ఈ ఊళ్ళో అలాంటి అంగడికి గిరాకీ ఎందుకుంటుందో చెప్పనక్కర్లేదు. కొండెక్కి దిగేసరికి యాత్రికుల సామాన్లలో ఏదో ఒకటి తెగుతుంది, లేదా ఊడుతుంది. సాయంత్రం రైలు ఉంటుంది. ఆలోపల బాగు కావాలి.

ఇద్దరిలో ఒకాయనది చిత్తూరు. జిప్పులు, కుట్టుపని ఆయనవి. చిన్నప్పుడు ఉర్దూ మీడియం బడిలో చదివారు, తెలుగు మనలాగే మాట్లాడతారు. రెండో ఆయన రాజస్థాన్ నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడినవారు. చక్రాలు, పిడులు, తాళాలు ఆయనవి. తెలుగు ఇంకా తడబడుతూనే ఉంటుంది. ఇద్దరూ అంతకుముందు వేరేచోట్ల జీతానికి ఉండి, ఆ పనులు మానేసి వచ్చారు. జిప్పు వేసేవారికి చక్రం రాదు, చక్రం వేసేవారికి జిప్పు రాదు. కలిసుంటేనే అది అంగడి. విడిపోతే ఒక్కొక్కరూ సగం సూట్‌కేసు మాత్రమే బాగుచేయగలరు. సగం బాగైన సూట్‌కేసును ఎవరూ రైలెక్కించరు.

వాళ్ళిద్దరూ ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకే భాషలో మాట్లాడుకునేవారు. సూది అడిగినా, టీ తెప్పించినా, ఒకరినొకరు తిట్టుకున్నా అదే భాష. దాన్ని చిత్తూరు ఆయన ఉర్దూ అనేవారు, రాజస్థాన్ ఆయన హిందీ అనేవారు. ఆ సంగతి మీద వాళ్ళకు ఎప్పుడూ పేచీ రాలేదు. బోర్డు రాయించేదాకా.

నేను పదవీ విరమణ చేసేవరకు ఒక ఆఫీసులో హిందీ అనువాదకురాలిని. అందువల్ల బోర్డు పని నా దగ్గరికి వచ్చింది. మొదట రాజస్థాన్ ఆయన ఒక చీటీ తెచ్చారు.

यहाँ बैग और सूटकेस की मरम्मत होती है

"మాతాజీ, దీనికి తెలుగు, ఇంగ్లీషు రాసి ఇవ్వండి" అన్నారు. ఆయన అటు వెళ్ళగానే చిత్తూరు ఆయన ఇంకో చీటీతో మెట్లెక్కి వచ్చారు.

یہاں بیگ اور سوٹ کیس کی مرمت ہوتی ہے

నాకు ఆ లిపి రాదు. "చదవండి, వింటాను" అన్నాను. ఆయన కుడి చివర వేలు పెట్టి ఎడమకు జరుపుతూ చదివారు. "యహాఁ బ్యాగ్ ఔర్ సూట్‌కేస్ కీ మరమ్మత్ హోతీ హై."

"ఇప్పుడే ఈ మాటే మీ భాగస్వామి తెచ్చారు" అన్నాను.

"అది ఆయనదమ్మా. ఇది నాది."

"మాట ఒకటే కదా?"

"మాట ఒకటే. అయితే అది ఆయనది, ఇది నాది."

ఆఫీసులో మాకొక పద్ధతి ఉండేది. వచ్చిన ప్రతి కాగితానికీ వేరే అనువాదం, వేరే నంబరు. రెండు కాగితాలు వచ్చాయి కనుక రెండు అనువాదాలు రాశాను. మొదటిది: ఇక్కడ బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేస్తాం. రెండోది: ఇక్కడ బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేస్తాం. మూలంలో ఎవరు చేస్తారో లేదు, మరమ్మతు జరుగుతుంది అని మాత్రమే ఉంది. దాన్ని 'బాగుచేయబడును' అంటే గవర్నమెంటు నోటీసులాగా ఉంటుందని 'బాగుచేస్తాం' అని పెట్టాను. ఇంగ్లీషు కూడా రెండుసార్లు ఒకటే: బ్యాగ్స్ అండ్ సూట్‌కేసెస్ రిపేర్డ్ హియర్.

ముందు ఫ్లెక్సీ కొట్టించారు. ఫ్లెక్సీ అంగడి కంప్యూటరుకు ఉర్దూ అక్షరాలు కలపడం తెలియలేదు. కలిసి నడవాల్సిన అక్షరాలను దేనికది విడగొట్టి, పైగా ఎడమ నుంచి మొదలుపెట్టింది. చిత్తూరు ఆయన దాన్ని వీధిలోకి తెచ్చి పరిచి చూసుకుని, "నా మాటను తలకిందులుగా ఉరేసినారు" అన్నారు. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు మా మేడ మీద నీళ్ళ ట్యాంకుకు కప్పు. చివరికి చేత్తో రాసే పెయింటరును పిలిచాం. రేకు ఎనిమిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు.

పెయింటరుకు తెలుగు, ఇంగ్లీషు, అరవం వచ్చు. మిగతా రెండూ బొమ్మలా చూసి గీస్తానన్నాడు. అతనికి తెలియవలసినవి రెండే. హిందీకి పైన గీత, ఆ గీత కింద అక్షరాలు వేలాడతాయి. ఉర్దూకు గీత లేదు, మాట మాటా కుడివైపు కాస్త ఎత్తున మొదలై ఎడమకు జారుతుంది. ఒకదాని కింద ఒకటి రాస్తే హిందీలోని 'ఇక్కడ'కు సరిగ్గా కింద ఉర్దూలోని చివరి మాట వస్తుంది.

"అయితే అవ్వా, నిచ్చెన యాడ పెట్టేది? ఈ పక్కా, ఆ పక్కా?" అన్నాడు.

"రెండు పక్కలా పెట్టు నాయనా, ఒకదాని తరువాత ఒకటి."

అసలు చిక్కు తెలుగు దగ్గర వచ్చింది. తెలుగు ఒక్కసారి రాస్తే అది ఎవరి మాట కింద రాయాలి? హిందీ కింద రాస్తే అది హిందీకి అర్థం, ఉర్దూకు అర్థం లేనట్టు అని చిత్తూరు ఆయన వాదన. ఉర్దూ కింద రాస్తే హిందీ ఉత్త అలంకారం అయిపోతుందని రాజస్థాన్ ఆయన వాదన. ఈ వాదన మొత్తం ఒకే భాషలో, ఒకే గొంతు స్థాయిలో నడిచింది. నేను కింద అంగడిలో వాళ్ళ మధ్య కూర్చుని, ఇద్దరి మాటల్నీ ఒకే చెవితో అర్థం చేసుకుంటూ ఉన్నాను.

"ఆయన మాట పెయిన, నా మాట కింద. ఇప్పుడు తెలుగు గూడా ఆయనదేనా? ఇంగ నేనెందుకమ్మా ఈడ, జిప్పులు లెక్కబెట్టుకుంటా?" అన్నారు చిత్తూరు ఆయన.

రాజస్థాన్ ఆయన తన పీట దగ్గరికి వెళ్ళారు. చక్రాల డబ్బాలకు మూతలు పెట్టడం మొదలుపెట్టారు. గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. ఆమె సూట్‌కేసుకు జిప్పు చిరిగింది, ఒక చక్రం లేదు. డబ్బా మీద మూత పడుతున్నకొద్దీ ఆమె ముఖం చిన్నబోతోంది.

నేను లేచి, "ఎవరి మాట కింద వారి తెలుగు, వారి ఇంగ్లీషు. ఆరు వరుసలు. రాయి" అన్నాను.

పెయింటరు నా వైపు చూశాడు. "ఒకే మాట రెండుసార్లా అవ్వా? సదివేవాడు నాకు పిచ్చనుకుంటాడే."

"నీ పేరు బోర్డు మీద ఉండదు కదా. రాయి."

డబ్బాల మూతలు తెరుచుకున్నాయి. ఆమెకు చక్రం పడింది, జిప్పు పడింది.

రాసింది ఆరిన తరువాత ఇద్దరూ టేపు పెట్టి కొలిచారు. చిత్తూరు ఆయన తెలుగు వరుస, రాజస్థాన్ ఆయన తెలుగు వరుస కన్నా రెండు అంగుళాలు పొట్టి. నిచ్చెన పక్కకు జరపడానికి బద్ధకించి పెయింటరు చివరి అక్షరాలు ఇరికించాడు. దాని మీద ఒక పూట పోయింది. చివరికి ఆ పొట్టి వరుస చివర రెండంగుళాల పువ్వు గీయించి సరిచేశాం.

ఉత్తరాది యాత్రికులకు ఆ బోర్డుతో ఇబ్బంది లేదు. హిందీ వచ్చినవాళ్ళు హిందీ చదివారు, ఉర్దూ వచ్చినవాళ్ళు ఉర్దూ చదివారు. ఇబ్బంది మనవాళ్ళకు. తెలుగు చదివేవాళ్ళు ఒకే మాటను రెండుసార్లు చదివి, రెండుసార్లు 'బాగుచేస్తాం' అంటే ఇక్కడ రెండు అంగళ్ళు ఉన్నాయని తేల్చుకున్నారు. అంతకన్నా వేరే అర్థం ఎవరికి తడుతుంది?

తిరుచానూరు నుంచి పూలమ్మే ఆమె చిరిగిన సంచితో వచ్చి, "పువ్వుండే అంగడి ఏదన్నా, పువ్వు లేనిది ఏది?" అని అడిగింది. ఎదురింటి ఆయన నన్ను ఆపి, "ఒక గదికి రెండు బాడుగలు వసూలు చేస్తా ఉండావంటనే అక్కా, గట్టిదానివే" అన్నారు. చిత్తూరు నుంచి ఆ భాగస్వామి భార్య ఫోను చేసి, పొత్తు ఎప్పుడు విడిపోయిందో తనకు చెప్పలేదేమని ఏడ్చింది. ఆమెకు ఎవరో బోర్డును ఫోటో తీసి పంపారట.

తరువాత జరిగినదే విచిత్రం. జనం బేరాలు మొదలుపెట్టారు. "ఆ అంగడాయన తక్కువకు చేస్తాడంట" అని మూడడుగుల దూరంలో కూర్చున్న రెండో ఆయన ఎదుటే అనేవారు. మొదట్లో ఇద్దరూ నవ్వారు. నాలుగోసారి రాజస్థాన్ ఆయన నిజంగానే తగ్గించి చెప్పారు. చిత్తూరు ఆయన చక్రం వేయడం రాకపోయినా చక్రం పని ఒప్పుకున్నారు. వేసిన చక్రం వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి, విడిగా వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నానికి గది మధ్యలో ఒక దుప్పటి వేలాడింది. కలిసి ఉండేందుకు రాయించిన బోర్డు చెప్పిన అబద్ధాన్ని వాళ్ళు నిజం చేస్తున్నారు.

ఆ సాయంత్రం ఒక సత్యవేడు రైతు పెద్ద సూట్‌కేసు తెచ్చాడు. కూతురు హాస్టలుకు పోవాలి. జిప్పూ పోయింది, చక్రమూ పోయింది. దుప్పటికి ఈ వైపు జిప్పు వేయించుకుని, "చక్రం?" అన్నాడు. "ఆ అంగడిలో" అన్నారు చిత్తూరు ఆయన. రైతు బయటికి వెళ్ళి, వీధంతా చూసి, తిరిగి వచ్చాడు.

"యాడప్పా ఆ అంగడి? ఈడ వాకిలి ఒకటే ఉండాది గదా!"

దుప్పటి వెనుక నుంచి రాజస్థాన్ ఆయన చెయ్యి బయటికి వచ్చి సూట్‌కేసును లోపలికి లాక్కుంది. రైతు దుప్పటిని పైకెత్తి లోపలికి చూసి, "ఓరి మీ పాసుగాల, మీరిద్దురూ ఒగడేనా?" అన్నాడు.

చక్రం పడ్డాక ఇద్దరూ మెట్లెక్కి పైకి వచ్చారు. దుప్పటి మడిచి చిత్తూరు ఆయన చంకలో ఉంది. తమది ఒకే అంగడి అని బోర్డు మీద రాయించాలని ఇద్దరూ ఒకేసారి చెప్పారు. "యే ఏక్ హీ దుకాన్ హై." విన్నాను. మళ్ళీ ఒక మాట, మళ్ళీ రెండు లిపులు. రాజస్థాన్ ఆయన జేబులోంచి చీటీ తీశారు. చిత్తూరు ఆయన కూడా తీశారు. రెండింటికీ తెలుగు కావాలి, ఇంగ్లీషు కావాలి. బోర్డులో చోటు లేదు కనుక ఇంకో బోర్డు కావాలి. రెండో బోర్డు పెడితే అది మూడో అంగడి అవుతుందని నేను అనలేదు. చీటీలు రెండూ వెనక్కి ఇచ్చేశాను.

"వీటికి నేను అనువాదం చేయను" అన్నాను.

మర్నాడు పెయింటరును పిలిచి, మూడో వరుసకూ నాలుగో వరుసకూ మధ్య ఉన్న సందులో ఎర్ర రంగుతో రాయించాను. ఒక్కసారే, తెలుగులోనే: రెండూ ఒకే అంగడి.

రాజస్థాన్ ఆయన కింద నిలబడి, "మాతాజీ, ఇది నా మాటకు తెలుగా?" అని అడిగారు.

"కాదు."

"నాదానికా?" అన్నారు చిత్తూరు ఆయన.

"కాదు. ఇది మీ ఇద్దరిదీ కాదు. నా ఇల్లు, నా గోడ, నా మాట."

ఎవరి మాటకూ అనువాదం కానిదాని మీద పోట్లాడేందుకు వాళ్ళకు దారి దొరకలేదు. లోపలికి వెళ్ళి ఎవరి పీట మీద వారు కూర్చున్నారు. దుప్పటి మళ్ళీ కట్టలేదు.

ఇప్పుడు ఉత్తరాది యాత్రికులు ఆ ఎర్ర వరుస చూపించి ఏముందని అడుగుతుంటారు. లోపలి నుంచి రెండు గొంతులు ఒకేసారి జవాబు చెబుతాయి. అక్షరం తేడా ఉండదు. వాళ్ళిద్దరూ నా వాక్యాన్ని ఎవరి భాషలోకి వారు అనువదిస్తున్నామని అనుకుంటారు.